గమ్మీ డబ్బా వెనక వైపు చదువుదాం
(హనుమకొండలో ఒక పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఫార్మసిస్టు మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలకు బలానికి ఇచ్చే గమ్మీ విటమిన్ల గురించి మాట్లాడమని హెడ్మాస్టరు గారు అడిగారు. అవి మంచివా చెడ్డవా అన్న చర్చ నేను పెట్టను. డాక్టరు చూసి రాసిచ్చి ఉంటే ఆయన చెప్పినట్టే ఇవ్వండి. నేను మెడికల్ షాపులో కౌంటర్ వెనక నిలబడే మనిషిని. నా చేతికి రోజూ వచ్చేది డబ్బా, దాని మీది లేబుల్. అందుకని ఈ రోజు ఒక్క లేబుల్‌ను మొదటి నుంచి చివరి దాకా చదువుదాం. ఒక ఐదేళ్ల పాప ఆ డబ్బాలోంచి రోజూ తింటుంటే లెక్క ఎక్కడికి పోతుందో చూద్దాం.

ఈ బోర్డు మీద రాసిన లేబుల్ ఏ కంపెనీదీ కాదు. లెక్క సులువుగా ఉండేలా అంకెలు నేనే వేశాను. కానీ వరుసలు, మాటలు షాపులో దొరికే డబ్బాల మీద ఉన్నట్టే ఉన్నాయి. ముందు వైపు పండ్ల బొమ్మలు, నవ్వుతున్న పాప, 'విటమిన్ ఎ, సి, డి' అని పెద్ద అక్షరాలు. వెనక వైపు చిన్న అక్షరాల్లో ఒక పట్టిక. అందులో మూడు నిలువు వరుసలు: 100 గ్రాములకు ఎంత, ఒక సర్వింగ్‌కు ఎంత, రోజుకు కావాల్సిన దానిలో ఎంత శాతం.

పట్టిక పైన ఒక చిన్న లైను ఉంటుంది. మొత్తం లేబుల్‌లో నేను ముందు చూసేది దాన్నే. 'సర్వింగ్ సైజు: 2 గమ్మీలు, 6 గ్రాములు' అని రాసి ఉంది. అంటే కింద ఉన్న అంకెలు ఒక్క గమ్మీవి కావు, రెండింటివి కలిపి. విటమిన్ ఎ 300 మైక్రోగ్రాములు అని ఉంటే ఒక్కో గమ్మీలో 150. విటమిన్ డి 10 మైక్రోగ్రాములు అని ఉంటే ఒక్కోదానిలో 5. ఇక్కడివరకు తేలికే. తప్పు జరిగేది డబ్బా మార్చినప్పుడు. పోయిన నెల కొన్నదానిలో సర్వింగ్ అంటే రెండు. ఈ నెల ఆఫర్‌లో దొరికిందని తెచ్చినదానిలో సర్వింగ్ అంటే ఒక్కటే, 300 మైక్రోగ్రాములూ ఆ ఒక్కదానిలోనే ఉన్నాయి. తల్లి అలవాటు ప్రకారం రెండు ఇస్తుంది. పాపకు అదే రోజు నుంచి డోసు రెట్టింపు అవుతుంది. రంగు, రుచి, సైజు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో తేడా కొలతలో ఉంటుంది. విటమిన్ డి ఒక డబ్బా మీద 10 ఎంసీజీ అని, ఇంకోదాని మీద 400 ఐయూ అని ఉంటుంది. ఎంసీజీ అంటే మైక్రోగ్రామే, ఐయూ అనేది విటమిన్లకు వాడే ఇంకో కొలత. రెండూ ఒకటే డోసు, ఎందుకంటే విటమిన్ డి ఒక మైక్రోగ్రాము అంటే 40 ఐయూ. విటమిన్ ఎ లెక్క మాత్రం వేరు. అక్కడ ఒక మైక్రోగ్రాము అంటే దాదాపు 3.3 ఐయూ. 300 మైక్రోగ్రాములు అంటే 1,000 ఐయూ అన్నమాట. అంకె పెద్దగా కనిపించింది కదా అని భయపడొద్దు, చిన్నగా ఉందని ధైర్యపడొద్దు. అంకె పక్కన ఏ కొలత ఉందో చూశాకే మాట్లాడాలి.

ఇప్పుడు శాతం వరుసకు వద్దాం. మన బోర్డు మీది డబ్బాలో విటమిన్ ఎ పక్కన 30 శాతం అని ఉంది. చూసిన తల్లి ఏమనుకుంటుంది? రోజుకు కావాల్సినదానిలో మూడో వంతు కూడా లేదు, ఇంకో రెండు ఇచ్చినా ఏం కాదులే అనుకుంటుంది. కానీ ఆ 30 శాతం ఎవరి అవసరంలో? పట్టిక కింద చుక్క గుర్తు పెట్టి ఇంకా చిన్న అక్షరాల్లో రాస్తారు. పెద్ద మగమనిషికి రోజుకు 1,000 మైక్రోగ్రాములు కావాలి, అందులో 300 అంటే 30 శాతం. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు కావాల్సింది 510 మైక్రోగ్రాములు. 510లో 300 అంటే దాదాపు 59 శాతం. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకైతే 390, అప్పుడు అదే 300 అనేది 77 శాతం అవుతుంది. డబ్బా అదే, గమ్మీలు అవే. తినే బిడ్డను బట్టి శాతం మారిపోతుంది. శాతం పిల్లల వయసుకు వేసిన డబ్బాలు కూడా ఉన్నాయి, వాటిలో ఈ చిక్కు లేదు. మీ డబ్బా ఏ రకమో ఆ చిన్న లైను చదివితేనే తెలుస్తుంది.

ఇక మన పాప రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. పొద్దున బడికి పోయే ముందు అమ్మ రెండు ఇస్తుంది. సాయంత్రం వచ్చాక హోంవర్క్ చేస్తే ఇస్తానని నాన్న రెండు ఇస్తాడు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, షాపుకు వచ్చే తండ్రులు చెప్పేదే. రాత్రి బువ్వ తినడానికి మారాం చేస్తే నాయనమ్మ ఇంకో రెండు ఇస్తుంది. ముగ్గురిలో ఎవరూ ఎక్కువ ఇవ్వలేదు, ఎవరికి వాళ్లు లేబుల్ ప్రకారం రెండే ఇచ్చారు. పాప మాత్రం ఆరు తిన్నది. ఆరు గమ్మీలంటే విటమిన్ ఎ 900 మైక్రోగ్రాములు.

ఈ 900 అంకెను గుర్తుపెట్టుకోండి. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు విటమిన్ ఎ రోజుకు ఇంతకు మించి అలవాటుగా పోకూడదని అమెరికా నేషనల్ అకాడమీస్ పెట్టిన పై హద్దు సరిగ్గా అదే. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు 600. అంటే అక్కతో పాటు మూడేళ్ల తమ్ముడు కూడా నాలుగు తింటే వాడు తన హద్దుకు చేరినట్టే.

పైగా మనం ఇప్పటిదాకా గమ్మీలనే లెక్కపెట్టాం. విటమిన్లు కలిపిన పాల ప్యాకెట్ మీద నీలి రంగులో ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది. ఆ పాలు ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు తాగితే 54 నుంచి 90 మైక్రోగ్రాముల దాకా విటమిన్ ఎ వస్తుంది. అదే గుర్తున్న వంట నూనెలో గ్రాముకు 6 నుంచి 9.9 మైక్రోగ్రాములు కలుపుతారు. పాప వాటాకు 20 గ్రాముల నూనె పడితే, వంటలో కొంత పోయినా, దగ్గర దగ్గర నూరు వస్తుంది. పాలలో కలుపుకునే పొడి ఉంటే దాని డబ్బా కూడా చదవండి. పాలు, నూనె మానమని నేను చెప్పడం లేదు. అవి తిండిలో ఎలాగూ ఉంటాయి. వాటి మీద అదనంగా ఎక్కుతున్నది గమ్మీ.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ హద్దు రెటినాల్ రూపంలో వచ్చే విటమిన్ ఎకు మాత్రమే. లేబుల్‌లో రెటినిల్ పాల్మిటేట్ అనో, రెటినిల్ అసిటేట్ అనో రాసి ఉంటే అది ఇదే. బీటా కెరోటిన్ అని ఉంటే ఒళ్లు తనకు కావాల్సినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. మునగాకు కూర, తోటకూర, క్యారెట్, బొప్పాయి ఎంత తిన్నా విటమిన్ ఎ మోతాదు మించిపోదు. మహా అయితే చర్మం కొంచెం పసుపు రంగుకు తిరుగుతుంది, తగ్గించగానే పోతుంది.

ఒక అక్క చెయ్యెత్తారు, చెప్పండమ్మా. 'అంగన్‌వాడీలో ఒక్కసారే చెంచాతో అంత డోసు పోస్తారు కదా, దానికి లేని భయం దీనికెందుకు' అంటున్నారు. చాలా సరైన ప్రశ్న. అక్కడ తొమ్మిది నెలలప్పుడు లక్ష ఐయూ, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల ఐయూ ఇస్తారు. రెండు లక్షల ఐయూ అంటే 60,000 మైక్రోగ్రాములు. పెద్ద డోసే. కానీ అది ఆరు నెలలకు ఒక్కసారి. విటమిన్ ఎ కొవ్వులో కరిగేది కాబట్టి కాలేయంలో నిల్వ ఉంటుంది, ఒళ్లు దాన్ని నెలల తరబడి కొద్దికొద్దిగా వాడుకుంటుంది. ఆ గ్యాపే అక్కడ రక్షణ. కార్డులో తేదీ రాసేది కూడా అందుకే, గడువు కాకముందే ఇంకో డోసు పడొద్దని. రోజూ ఎక్కువ పోస్తూ ఉంటే నిల్వ తగ్గే టైమే దొరకదు. అంగన్‌వాడీ డోసు మానకండి. ఆ కార్డు చూపించి, గమ్మీ అవసరమా అని డాక్టరును అడగండి.

విటమిన్ సి, బి విటమిన్ల సంగతి వేరు. అవి నీళ్లలో కరుగుతాయి, ఎక్కువైనవి చాలావరకు మూత్రంలో పోతాయి. సి మరీ ఎక్కువైతే కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. కొవ్వులో కరిగే ఎ, డి అలా పోవు, ఒంట్లో పేరుకుంటాయి. మీరు టెన్షన్ పడకుండా ఒకటి చెప్తాను. ఒక్కరోజు హద్దు దాటితే విషం ఎక్కదు. ఆ హద్దు పెట్టేటప్పుడే కొంత జాగా వదిలి పెట్టారు. జబ్బు దాకా పోయిన పిల్లల్లో ఎక్కువగా కనిపించేది హద్దుకు ఎన్నో రెట్లు, వారాలు, నెలల తరబడి పడడం. గమ్మీ ఒక్కదానితోనే అక్కడికి చేరడం కష్టం. గమ్మీకి తోడు మల్టీవిటమిన్ సిరప్, దాని మీద కాడ్ లివర్ ఆయిల్ గోలీ, మూడూ మూడు రకాల బలానికి అనుకుని ఇచ్చే ఇళ్లున్నాయి. మూడింటి లేబుళ్లు పక్కపక్కన పెడితే మూడింటిలోనూ విటమిన్ ఎ ఉంటుంది. నేను భయపడేది ఆ ఇళ్ల గురించే.

ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? విటమిన్ ఎ పేరుకున్న బిడ్డకు పెదవులు ఎండి పగులుతాయి, చర్మం పొరలు లేస్తుంది, జుట్టు రాలుతుంది, కాళ్లు చేతులు నొప్పులంటారు, తలనొప్పి, వాంతులు, ఆకలి ఉండదు. మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగితే చూపు మసకబారుతుంది, రెండుగా కనిపిస్తుంది. ఈ చివరి రెండింటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇక విటమిన్ డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దూప ఎక్కువవుతుంది, మాటిమాటికీ మూత్రానికి పోతారు, మలం గట్టిపడుతుంది, వాంతులవుతాయి, నీరసంగా పడి ఉంటారు.

ఇప్పుడు ఈ లక్షణాలను ఒకసారి తల్లి కళ్లతో చూడండి. జుట్టు రాలుతోంది, ఆకలి లేదు, నీరసంగా ఉంది, కాళ్లు నొప్పులంటోంది. మనం గమ్మీలు కొనడానికి షాపుకు వచ్చేది సరిగ్గా ఈ మాటలతోనే కదా! అందుకే ఇది పట్టుబడదు. ఎక్కువై వచ్చిన జబ్బును తక్కువై వచ్చిందని అనుకుని ఇంకో డబ్బా తెస్తారు. అందుకే మా షాపులో ఎవరైనా ఈ మాటలు చెప్తే ముందు నేను అడిగేది, ఇప్పటికే ఇంట్లో ఏమేం ఇస్తున్నారు అని. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు కూడా సిరప్, గమ్మీ, చుక్కల మందు, పొడి, అన్నీ సంచిలో వేసుకుని పోండి. గమ్మీని మందు అనుకోరు కాబట్టి, 'మందులేమైనా వాడుతున్నారా' అంటే 'ఏం లేదు సార్' అనేస్తారు.

విటమిన్ డి గురించి ఒకే మాట. మన పాప ఆరు గమ్మీలు తిన్నా 1,200 ఐయూలే. నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు హద్దు 3,000. గమ్మీతో అక్కడికి చేరదు. కానీ 60,000 ఐయూ సాచెట్లు మన ఇళ్లలో సాధారణం. డాక్టరు వారానికి ఒకటి, కొన్ని వారాలకు రాస్తారు. దాన్ని రోజుకొకటి అనుకుని పాలల్లో కలిపి పట్టిస్తే ఆసుపత్రి పాలవుతారు. వారానికొకటి అంటే ఏ వారమో క్యాలెండర్ మీద గీత కొట్టండి.

చక్కెర దగ్గరికి వద్దాం. మన లేబుల్‌లో సర్వింగ్‌కు చక్కెర 4 గ్రాములు. చిన్న అంకె. ఇప్పుడు ఎడమ వైపు 100 గ్రాముల వరుస చూడండి, అక్కడ 66.7 గ్రాములు ఉంది. అంటే ఆ గమ్మీలో మూడింట రెండు వంతులు చక్కెరే. పదార్థాల జాబితా కూడా అదే చెప్తుంది, ఎందుకంటే ఎక్కువ బరువున్నది ముందు రాయాలని నియమం. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఆ తర్వాత జెలటిన్ లేదా పెక్టిన్, విటమిన్లు చివరన ఉంటాయి. కొన్ని కంపెనీలు తేనె, బెల్లం, పండ్ల రసం కాన్సెంట్రేట్ అని రాస్తాయి. పిల్లల దంతాలకు అవన్నీ చక్కెరే. రోజుకు ఆరు తింటే 12 గ్రాములు. పిల్లలకు అదనపు చక్కెర రోజంతా కలిపి 25 గ్రాముల లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పిన లెక్కలో అది దాదాపు సగం. చాయ్, బిస్కెట్, చాక్లెట్ ఇంకా మొదలే కాలేదు.

మామూలు చక్కెర నోట్లో కరిగిపోతుంది. గమ్మీ దవడ పళ్ల గుంతల్లో అతుక్కుంటుంది. పుల్లగా ఉండాలని సిట్రిక్ యాసిడ్ కూడా వేస్తారు, అది పంటి పైపొరను తింటుంది. రాత్రి పళ్లు తోమాక పడుకునే ముందు ఇచ్చే గమ్మీ అన్నింటికన్నా చెడ్డది. ఇవ్వాల్సే వస్తే మధ్యాహ్నం అన్నంతో ఇవ్వండి, తర్వాత నీళ్లు పుక్కిలించమనండి. కొవ్వున్న తిండితో ఇస్తే ఎ, డి కూడా బాగా ఒంటబడతాయి.

'నో యాడెడ్ షుగర్' అని ఉన్నవాటిలో తీపి కోసం మాల్టిటాల్, సార్బిటాల్ వేస్తారు. ఇవి ఎక్కువ తింటే పిల్లలకు కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. లేబుల్ మీద ఆ హెచ్చరిక ఉంటుంది, చూడండి. వారం రోజులుగా విరేచనాలు అని వచ్చిన పిల్లవాడి ఇంట్లో ఈ డబ్బా ఉందా అని నేను తప్పకుండా అడుగుతాను.

మన వరంగల్ ఎండ సంగతి కూడా చెప్పాలి. డబ్బా మీద చల్లని, పొడి చోట ఉంచమని రాస్తారు. మే నెలలో రేకుల ఇంట్లో గూట్లో పెట్టిన డబ్బా తీసి చూడండి. గమ్మీలు చెమట పట్టి ఒకదానికొకటి అంటుకుని ముద్దయి ఉంటాయి. పాపకు వేలితో గిల్లి ఒక ముక్క ఇస్తారు. అది ఒకటా, ఒకటిన్నరా, రెండా? ఎవరూ చెప్పలేరు. పైగా వేడికి, తేమకు విటమిన్లు నిల్వలో తరిగిపోతాయి. గడువు తేదీ దాకా లేబుల్ అంకె నిలవాలని తయారీలోనే కొంత ఎక్కువ కలపడం ఈ రంగంలో మామూలు పద్ధతి. కాబట్టి కొత్త డబ్బాలో రాసినదానికన్నా ఎక్కువే ఉండొచ్చు, ఎండలో ముద్దైనదానిలో ఎంత మిగిలిందో తెలియదు. ముద్దైపోయిన డబ్బా పారేయండి. డబ్బులు పోతాయని బాధ ఉంటుంది, నాకు తెలుసు. కానీ కొలత తెలియనిదాన్ని బిడ్డకు పెట్టలేం.

ఇంకొకటి. బిడ్డ పాలిపోయి ఉంది, రక్తం తక్కువ ఉంది అని గమ్మీలు కొంటారు. చాలా గమ్మీల్లో ఐరన్ ఉండదు, దాని రుచి చాక్లెట్ తీపిలో దాగదు కాబట్టి వేయరు. పట్టికలో ఐరన్ వరుస ఉందా లేదా చూడండి. లేకపోతే ఆరు నెలలు తిన్నా హిమోగ్లోబిన్ పెరగదు, అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ సిరప్‌తోనే పెరుగుతుంది.

ప్రశ్నలు అడగండి. వెనక కూర్చున్న తమ్ముడు, పిల్లవాడు మొత్తం డబ్బా ఒక్కసారే తినేస్తే ఏం చేయాలని అడిగాడు. మన డబ్బాలో 30 ఉన్నాయనుకుందాం. ఎ 4,500 మైక్రోగ్రాములు, డి 6,000 ఐయూ. ఒక్కసారికి ఇది సాధారణంగా ప్రమాదం దాకా పోదు, కడుపు నొప్పి, వాంతులు, విరేచనాలు రావచ్చు. కానీ లేబుల్‌లో ఐరన్ ఉంటే కథ మారుతుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే ఐరన్ కడుపును దెబ్బతీయడం మొదలుపెడుతుంది, 60 దాకా పోతే ప్రాణం మీదికి వస్తుంది. 15 కిలోల బిడ్డకు 20 చొప్పున 300 మిల్లీగ్రాములు. గర్భిణికి ఇచ్చే ఎర్రటి ఐరన్ గోలీలో 60 ఉంటుంది, అలాంటివి ఐదు మింగితే 300 అయిపోయింది. గమ్మీ రుచి మరిగిన పిల్లలు ఎర్రగా మెరిసే ఆ గోలీని కూడా చాక్లెట్ అనుకుంటారు, కాబట్టి రెండూ ఒకే గూట్లో పెట్టకండి. బిడ్డ గమ్మీలు గానీ గోలీలు గానీ అలా మింగేస్తే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. డబ్బా చేతిలో పట్టుకోండి, ఎన్ని ఉండాలి, ఎన్ని మిగిలాయి లెక్కపెట్టండి. 1800 116 117 అనేది ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు. ఐరన్ ఉందని తెలిసినా, బిడ్డ మగతగా ఉన్నా ఫోన్లతో కాలం గడపకుండా 108 పిలిచి ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోండి.

ముందు వరుసలో అమ్మమ్మ గారు అడుగుతున్నారు, 'రెండేళ్ల మనుమడు అక్కను చూసి అడుగుతాడు, సగం పెట్టొచ్చా?' వద్దమ్మా. డోసు సంగతి పక్కన పెట్టండి, ఆ వయసులో దవడ పళ్లు పూర్తిగా రావు, బంకలా సాగే ముక్క గొంతులో అడ్డం పడుతుంది. డబ్బా మీద ఏ వయసు నుంచి ఇవ్వొచ్చో రాసి ఉంటుంది, అంతకంటే చిన్నపిల్లలకు సగం కూడా వద్దు. డాక్టరు విటమిన్ డి ఇవ్వమంటే వాడికి చుక్కల మందు ఉంది, దాని పిప్పెట్ మీద గీతలుంటాయి. ఆ చుక్కల్లో కూడా ఒక మిల్లీలీటరుకు 400 ఐయూ రకం, 800 రకం రెండూ దొరుకుతాయి. డబ్బా మీద ఏ అంకె ఉందో చూసి, అది నాకు చూపించి వేయండి.